గుండె లయదోషాలకు కాథెటర్ ఎబ్లేషన్: చారిత్రక పరిణామం, ప్రయోజనం, పరిమితులు

వ్యాససంగ్రహం:
గుండె లయ తప్పడానికి కారణమైన కొద్దిపాటి కండరాన్ని, రక్తనాళం గుండా పంపిన సన్నని కాథెటర్ కొనతో నిర్వీర్యం చేసే చికిత్సను కాథెటర్ ఎబ్లేషన్ అంటారు. 1968లో గుండెను తెరిచి చేసిన శస్త్రచికిత్స మొదలు నేటి విద్యుత్ క్షేత్ర పద్ధతి వరకు ఈ చికిత్స నడిచిన దారిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. శక్తిని ప్రయోగించే సాధనాలు మారడం ఈ చరిత్రలో ఒక పాయ మాత్రమే. దోషం ఉన్న చోటును ఎంత కచ్చితంగా గుర్తించగలిగారన్నదే ఫలితాన్ని నిర్ణయించిందన్నది ఇందులోని ప్రతిపాదన. ఎవరికి మేలు జరుగుతుంది, కోలుకోవడం ఎలా ఉంటుంది అన్న ప్రశ్నలకు సమాధానం కూడా అక్కడి నుంచే లభిస్తుంది.

కీలకపదాలు: గుండె లయ, అదనపు మార్గం, కాథెటర్, రేడియో తరంగ విద్యుత్తు, ఎట్రియల్ ఫిబ్రిలేషన్, పుపుస సిరలు.

1. ఉపోద్ఘాతం:
వైద్య చరిత్రను సాధారణంగా ఔషధాల చరిత్రగానో, శస్త్రచికిత్సల చరిత్రగానో రాస్తారు. కాథెటర్ ఎబ్లేషన్ ఈ రెండింటిలోనూ పూర్తిగా ఇమడదు. ఇందులో రోగికి ఇచ్చే మందు ప్రధానం కాదు, కోసి తీసే భాగమూ ఉండదు. కొన్ని మిల్లీమీటర్ల కండరాన్ని విద్యుత్ ప్రసారానికి పనికిరాని మచ్చగా మార్చడమే చికిత్స. ఆ మచ్చ వేయడానికి ఒక నిమిషం చాలు. ఎక్కడ వేయాలో తెలుసుకోవడానికి మాత్రం వైద్యశాస్త్రానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది.

ఈ వ్యాసం రెండు జబ్బులను పక్కపక్కన ఉంచి పరిశీలిస్తుంది. మొదటిది ఉల్ఫ్-పార్కిన్‌సన్-వైట్ లక్షణ సముదాయం. రెండవది ఎట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే కర్ణికలు క్రమం లేకుండా కంపించే స్థితి. మొదటిదానిలో దోషం ఒక సన్నని పోగులో ఉంటుంది. రెండవదానిలో అది మొదలయ్యే చోటు తెలిసినా, కొనసాగే చోటు విస్తరించి ఉంటుంది. ఒకే చికిత్స ఈ రెండింటిలో వేర్వేరు ఫలితాలను ఎందుకు ఇస్తుందో ఈ తేడా చెబుతుంది.

2. ఒకే వంతెన, ఒక దొంగదారి:
గుండె స్పందన కుడి కర్ణిక పైభాగంలోని సిరాకర్ణికా కణుపులో మొదలవుతుంది. ఆ విద్యుత్ తరంగం కర్ణికలంతటా పాకి, కింది గదులైన జఠరికలను చేరాలి. కర్ణికలకూ జఠరికలకూ నడుమ విద్యుత్తును పోనివ్వని తంతు కణజాలం గోడలా ఉంటుంది. ఆ గోడకు సహజంగా ఒకే వంతెన ఉంది. కర్ణికాజఠరికా కణుపు, దాని కొనసాగింపైన హిస్ కట్ట కలిసి ఆ వంతెన అవుతాయి. విల్‌హెల్మ్ హిస్ 1893లో ఆ కట్టను వర్ణించాడు. జపాన్ నుంచి జర్మనీకి వెళ్లి పరిశోధన చేసిన సునావో తవారా 1906లో దానికి ముందున్న కణుపును వివరించాడు. ఈ కణుపు తరంగాన్ని క్షణకాలం ఆపి పంపుతుంది. కర్ణికలు మరీ వేగంగా కొట్టుకున్నప్పుడు అన్ని తరంగాలనూ కిందికి వదలదు. కనుక అది వంతెన మాత్రమే కాదు, కాపలా ద్వారం కూడా.

1893లోనే స్టాన్లీ కెంట్ కర్ణికలను జఠరికలతో కలిపే మరికొన్ని కండర పోగులను వర్ణించాడు. వాటిని అతడు సహజమైన మార్గాలుగానే భావించాడు. 1930లో లూయీ ఉల్ఫ్, జాన్ పార్కిన్‌సన్, పాల్ డడ్లీ వైట్ 11 మంది రోగుల వివరాలను ప్రచురించారు. వారిలో ఎక్కువమంది ఆరోగ్యంగా కనిపించే యువకులే. అయినా హఠాత్తుగా గుండె దడ మొదలై, హఠాత్తుగానే ఆగిపోయేది. వారి ఇ.సి.జి.లో కర్ణికల తరంగానికీ జఠరికల తరంగానికీ మధ్య ఉండవలసిన విరామం తగ్గిపోయి ఉంది. ఇది హిస్ కట్ట శాఖలలోని అడ్డంకి అని ఆ ముగ్గురూ అనుకున్నారు. 1943లో ప్రచురితమైన ఒక మరణానంతర పరీక్షలో, ఇలాంటి ఇ.సి.జి. ఉన్న రోగి గుండెలో గోడను దాటి వెళ్లే అదనపు కండర మార్గం సూక్ష్మదర్శినిలో కనిపించింది.

అంటే ఆ రోగులలో వంతెనతో పాటు ఒక దొంగదారి ఉంది. తరంగం వంతెన మీదుగా కిందికి దిగి, దొంగదారిన మళ్లీ పైకి ఎక్కి, తిరిగి వంతెన దగ్గరకు రాగలదు. అలా చుట్టూ తిరుగుతున్నంత సేపు గుండె నిమిషానికి 150 నుంచి 250 సార్లు కొట్టుకోవచ్చు. దొంగదారిలో కాపలా లేదు. అందువల్ల అటువంటి వ్యక్తికి ఎట్రియల్ ఫిబ్రిలేషన్ కూడా వస్తే తరంగాలు నేరుగా జఠరికలను తాకి, అరుదుగానైనా ప్రాణం తీయవచ్చు.

3. కత్తి నుంచి కాథెటర్‌కు:
దొంగదారిని తెంచితే జబ్బు పోతుందన్న తర్కం సులభమే. అది గుండె చుట్టుకొలతలో ఎక్కడుందో తెలియడమే కష్టం. ఆమ్‌స్టర్‌డామ్‌లో డిర్క్ డ్యూరర్ బృందం 1967లో, గుండెను బయటి నుంచి క్రమబద్ధంగా ప్రేరేపించి దడను కావాలని మొదలుపెట్టవచ్చుననీ, ఆపవచ్చుననీ చూపింది. దడ తిరుగుడు దారి వల్ల వస్తున్నదనడానికి ఇది బలమైన ఆధారం.

1968 మే నెలలో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో విల్ సీలీ ఈ జ్ఞానాన్ని శస్త్రచికిత్సగా మార్చాడు. రోగి నార్త్ కరోలినాకు చెందిన 32 ఏళ్ల జాలరి. అతని దడ మందులకు లొంగలేదు. ఛాతీ తెరిచి, గుండె ఉపరితలంపై ఎలక్ట్రోడ్‌ను ఒక్కొక్క చోటా ఆనిస్తూ, జఠరికలో తరంగం అన్నిటికంటే ముందుగా ఎక్కడ చేరుతోందో కొలిచారు. ఆ చోటు కుడి కర్ణిక కుడి జఠరికతో కలిసే అంచున తేలింది. అక్కడ కోత పెట్టగానే ఇ.సి.జి. సహజ రూపానికి వచ్చింది. ‘ముందు గుర్తించు, తరువాత తెంచు’ అన్న క్రమం ఈ శస్త్రచికిత్సతోనే స్థిరపడింది.

కాని ప్రతి దడకూ గుండె తెరవడం న్యాయమైన మూల్యం కాదు. 1969లో బెంజమిన్ షెర్లాగ్ కాలి సిర గుండా పంపిన కాథెటర్‌తోనే హిస్ కట్ట సంకేతాన్ని నమోదు చేసే పద్ధతిని వివరించాడు. గుర్తించే పని ఆ విధంగా ఛాతీ తెరవకుండా సాధ్యమైంది. తెంచే పనికి దారి చూపింది ఒక ప్రమాదం. ఫ్రాన్స్‌లో ఒక రోగికి గుండెలోపలి పరీక్ష జరుగుతుండగా బయటి నుంచి షాక్ ఇవ్వవలసి వచ్చింది. ఆ విద్యుత్తులో కొంత హిస్ కట్టకు ఆనుకొని ఉన్న కాథెటర్ గుండా పోయి, వంతెన శాశ్వతంగా తెగిపోయింది. 1979లో ఈ ఉదంతం ప్రచురితమైంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో మెల్విన్ షైన్‌మన్ బృందం మొదట కుక్కలలోనూ, 1981లో మనుషులలోనూ ఇదే ఫలితాన్ని ఉద్దేశపూర్వకంగా సాధించింది. డ్యూక్‌లో జాన్ గాలఘర్ బృందం కూడా అదే పని చేసింది. రెండు నివేదికలూ 1982లో వెలువడ్డాయి. కాథెటర్ కొనకూ రోగి వీపుకు తగిలించిన పలకకూ మధ్య 200 నుంచి 300 జౌళ్ల షాక్‌ను కొన్ని మిల్లీసెకండ్లలో పంపేవారు. రోగికి పూర్తి మత్తు అవసరమయ్యేది. కాథెటర్ కొన దగ్గర రక్తం ఆవిరై, నిప్పురవ్వ పుట్టి, పీడన తరంగం చుట్టుపక్కల కండరాన్ని బాదేది. పలుచని గోడలున్న చోట ఇది చిల్లు పెట్టగలదు.

ఈ తొలి చికిత్సలో ఇంకొక లోపం గమనార్హం. దోషం ఎక్కడున్నా తెంచింది మాత్రం సహజ వంతెననే. కర్ణికలలో గందరగోళం అలాగే ఉండిపోయేది, జఠరికలకు మాత్రం ఆ ఒత్తిడి తప్పేది. దానికి మూల్యంగా రోగి జీవితాంతం పేస్‌మేకర్‌పై ఆధారపడేవాడు. ఇతర మార్గాలు మూసుకుపోయిన వృద్ధులలో నేటికీ ఈ పద్ధతికి స్థానం ఉంది. యువకుడికి మాత్రం ఇది ఆఖరి మాటగా ఉండజాలదు.

4. వేడితో వేసిన చిన్న మచ్చ:
1980ల రెండవ భాగంలో షాక్ స్థానంలోకి రేడియో తరంగ విద్యుత్తు వచ్చింది. దీని పౌనఃపున్యం సెకనుకు సుమారు 5 లక్షల ఆవర్తనాలు. ఇంత వేగంగా దిశ మార్చుకునే విద్యుత్తు కండరాన్ని సంకోచింపజేయదు, వేడి మాత్రమే పుట్టిస్తుంది. కాథెటర్ కొనను ఆనుకొని ఉన్న పలుచని పొర నేరుగా వేడెక్కుతుంది. లోతున ఉన్న కండరానికి ఆ వేడి మెల్లగా పాకుతుంది. కణజాలం సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దాటితే కణాలు తిరిగి కోలుకోవు. 100 డిగ్రీలకు చేరితే నీరు మరిగి, కొనకు రక్తపు పెచ్చు అంటుకొని, విద్యుత్ నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. చికిత్స ఈ రెండు హద్దుల మధ్య నడవాలి. ఫలితంగా ఏర్పడే మచ్చ వ్యాసం కొన్ని మిల్లీమీటర్లే. మచ్చ చిన్నది కావడం వల్ల భద్రత పెరిగింది, స్థానాన్ని గుర్తించడంలో పొరపాటుకు తావు తగ్గింది.

నేడు ఉల్ఫ్-పార్కిన్‌సన్-వైట్ రోగికి ఈ చికిత్స ఎలా జరుగుతుందో చూస్తే విషయం స్పష్టపడుతుంది. గజ్జల వద్ద చర్మానికి మత్తు ఇచ్చి, తొడ సిరలోకి గొట్టాలు దూర్చి, వాటి గుండా కాథెటర్లను గుండెలోకి పంపుతారు. ఒకటి కుడి కర్ణికలో, ఒకటి హిస్ కట్ట వద్ద, ఒకటి కుడి జఠరికలో ఉంటాయి. మరొకటి గుండె ఎడమ అంచు వెంట సాగే సిరలో ఉంటుంది. క్రమబద్ధమైన ప్రేరణలతో దడను రప్పించి, తరంగం జఠరిక నుంచి కర్ణికకు మొట్టమొదట ఎక్కడ ఎక్కుతోందో ఈ నాలుగింటి సంకేతాలను పోల్చి గుర్తిస్తారు. ఆ చోట చికిత్స కాథెటర్ కొనను ఆనించి విద్యుత్తు ఇస్తారు. చోటు సరైనదైతే కొద్ది సెకండ్లలోనే ఇ.సి.జి.లో దొంగదారి గుర్తు మాయమవుతుంది. అలా జరగకపోతే విద్యుత్తు పెంచడం కంటే కాథెటర్‌ను కొద్దిగా జరిపి మళ్లీ వెతకడమే మేలు. ఫలితం వచ్చాక కొంతసేపు వేచి చూస్తారు. చనిపోకుండా స్తంభించిన కణాలు ఈలోగా తేరుకొంటే దారి మళ్లీ తెరుచుకుంటుంది.

1991లో ఓక్లహోమాకు చెందిన వారెన్ జాక్‌మన్ బృందం ప్రచురించిన నివేదిక ఈ చికిత్సకు మలుపు. 166 మంది రోగులలో 177 అదనపు మార్గాలు ఉండగా, 164 మందిలో మార్గం తెగింది. రోగికి అవసరమైన విద్యుత్ ప్రయోగాల మధ్యగత సంఖ్య మూడు. సగటున ఎనిమిది నెలల పరిశీలనలో 15 మందిలో మార్గం తిరిగి తెరుచుకుంది, రెండవసారి చేసిన చికిత్స వారందరిలో ఫలించింది. విద్యుత్ ప్రయోగం వల్ల ముగ్గురికి ఉపద్రవాలు కలిగాయి. ఒకరిలో సహజ వంతెన దెబ్బతిన్నది. ఒకరికి గుండె పై పొరలో వాపు వచ్చింది. మరొకరిలో గుండె చుట్టూ రక్తం చేరి ఒత్తిడి కలిగింది. ఛాతీ తెరిచే శస్త్రచికిత్స ఈ జబ్బుకు ఆ తరువాత దాదాపు కనుమరుగైంది.

కర్ణికాజఠరికా కణుపు పరిసరాలలోనే తరంగం తిరిగే మరొక సాధారణ దడకు కూడా 1992 నాటికి ఇదే తర్కం వర్తించింది. ఆ తిరుగుడు దారిలో ఒకటి వేగవంతమైన శాఖ, ఒకటి మందమైన శాఖ. తొలినాళ్లలో వేగవంతమైన శాఖను కాల్చడం వల్ల కొందరిలో వంతెనే తెగి, పేస్‌మేకర్ అవసరమైంది. వంతెనకు దూరంగా ఉన్న మందమైన శాఖను ఎంచుకోవడంతో ఆ ముప్పు బాగా తగ్గింది. సాధనం అదే, శక్తి అదే. మారింది చోటు మాత్రమే.

5. చోటు మసకబారిన జబ్బు:
ఎట్రియల్ ఫిబ్రిలేషన్‌లో కర్ణికల కండరంలో అనేక తరంగాలు ఒకేసారి తిరుగుతూ ఉంటాయి. అందువల్ల ‘ఆ ఒక్క చోటు’ అన్న ప్రశ్నకే అర్థం లేదని చాలాకాలం భావించారు. 1987లో జేమ్స్ కాక్స్ కర్ణికలను చిట్టడవి దారుల్లా కోసి కుట్టే శస్త్రచికిత్సను ప్రారంభించడానికి ఈ భావనే ఆధారం.

1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరానికి చెందిన మిషెల్ హైసగేర్ బృందం ప్రశ్నను మార్చింది. ఫిబ్రిలేషన్ ఎక్కడ తిరుగుతోందని కాకుండా, ఎక్కడ మొదలవుతోందని చూసింది. 45 మంది రోగులలో 69 ఆరంభ బిందువులు దొరకగా, వాటిలో 94 శాతం పుపుస సిరలలో ఉన్నాయి. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికకు రక్తం తెచ్చే ఈ సిరలలోకి గుండె కండరం కొంతదూరం చొచ్చుకుపోయి ఉంటుంది. అక్కడి నుంచి వెలువడే అకాల స్పందనలే నిప్పురవ్వలు. చికిత్స తరువాత సుమారు ఎనిమిది నెలలకు 62 శాతం మందికి ఫిబ్రిలేషన్ తిరిగి రాలేదు. మునుపటి జబ్బులోని 99 శాతంతో దీన్ని పోల్చి చూడాలి.

నిప్పురవ్వను సిర లోపలే కాల్చడం వల్ల మచ్చ ముడుచుకొని కొందరిలో సిర ఇరుకైంది. అందుకే వైద్యులు సిరలోంచి వెనక్కి వచ్చి, దాని ముఖద్వారం చుట్టూ కర్ణిక గోడపై వలయంగా మచ్చలు వేయసాగారు. నిప్పురవ్వ ఆరదు, వలయాన్ని దాటి రాలేదు. కాని ఆ వలయంలో ఎక్కడ చిన్న ఖాళీ మిగిలినా, తాత్కాలికంగా స్తంభించిన కండరం తేరుకున్నా తరంగం బయటపడుతుంది. జబ్బు తిరగబెట్టడానికి ఇదొక ప్రధాన కారణం. ఏళ్ల తరబడి ఫిబ్రిలేషన్‌లో ఉన్న కర్ణిక సాగి, తంతువులు పేరుకొని, తనంతట తానే గందరగోళాన్ని పోషించుకోవడం రెండవ కారణం. అప్పుడు సిరలను వేరుచేయడం మాత్రమే చాలదు.

ఇటీవల వచ్చిన విద్యుత్ క్షేత్ర స్పందన పద్ధతిలో వేడికి బదులు అతి స్వల్పకాలపు బలమైన విద్యుత్ క్షేత్రం కణ త్వచాలకు రంధ్రాలు చేస్తుంది. పక్కనున్న ఆహారవాహిక కంటే గుండె కండరమే దీనికి సులభంగా లొంగుతుంది. దీనికీ తనవైన ప్రమాదాలు ఉన్నాయి. ఎర్రరక్తకణాలు చిట్లడం, హృదయ ధమని తాత్కాలికంగా బిగుసుకోవడం వాటిలో కొన్ని. 2023లో ప్రచురితమైన ఒక ప్రధాన పోలికలో ఏడాదికి సఫలత కొత్త పద్ధతిలో 73 శాతం, వేడి లేదా శీతల పద్ధతులలో 71 శాతం. శక్తి మారినా ఫలితం దాదాపు అక్కడే నిలిచింది. ఈ వ్యాసం ప్రతిపాదనను ఇది బలపరుస్తుంది.

6. ఎవరికి ప్రయోజనం:
దోషం ఒక పోగులోనో, ఒక శాఖలోనో ఉండి, తరచుగా దడ వచ్చేవారికి ఎబ్లేషన్ జబ్బును నయం చేసే చికిత్స. జీవితాంతం మందులు వాడడం కంటే దీన్ని ముందుగానే ఎంచుకోవడం సమంజసం. ఎట్రియల్ ఫిబ్రిలేషన్‌లో మాత్రం ఎంపిక జాగ్రత్తగా జరగాలి. జబ్బు అప్పుడప్పుడు వచ్చి తనంతట తగ్గేవారిలో, కర్ణిక పెద్దది కానివారిలో ఫలితం మెరుగు.

ఆయుర్దాయం విషయంలో ఆధారాలు ఒకే దిశలో లేవు. 2019లో ప్రచురితమైన 2204 మంది రోగుల కబానా పరిశోధనలో మరణం, పక్షవాతం, తీవ్ర రక్తస్రావం, గుండె ఆగిపోవడం కలిపి లెక్కిస్తే ఎబ్లేషన్ వర్గంలో 8 శాతం, మందుల వర్గంలో 9.2 శాతం. ఆ తేడా గణాంకపరంగా నిలవలేదు. మందుల వర్గంలో నాలుగో వంతుకు పైగా రోగులు తరువాత ఎబ్లేషన్ చేయించుకోవడం ఈ ఫలితాన్ని అన్వయించడంలో చిక్కు తెచ్చింది. జీవన నాణ్యత మాత్రం ఎబ్లేషన్ వర్గంలో మెరుగుపడింది. గుండె పంపు శక్తి బాగా తగ్గిన 363 మందిపై జరిగి 2018లో వెలువడిన కాసిల్-ఎ.ఎఫ్. పరిశోధనలో తేడా పెద్దది. మరణం లేదా గుండె వైఫల్యంతో ఆసుపత్రిలో చేరడం మందుల వర్గంలో 44.6 శాతం కాగా, ఎబ్లేషన్ వర్గంలో 28.5 శాతం.

ఈ అంకెలను మన ప్రాంతానికి అన్వయించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. రుమాటిక్ జ్వరం వల్ల ద్విపత్ర కవాటం ఇరుకై, దాని పర్యవసానంగా ఫిబ్రిలేషన్ వచ్చేవారు భారతదేశంలో నేటికీ ఉన్నారు. అటువంటి రోగులను పై తరహా పరిశోధనలు సాధారణంగా చేర్చుకోలేదు. వారి కర్ణిక ఒత్తిడికి సాగిపోయి ఉంటుంది. కవాటాన్ని సరిచేయడం, వార్ఫరిన్ వంటి మందుతో రక్తపు గడ్డలను నివారించడం వారిలో ముందువరుసలో ఉంటాయి.

7. కోలుకోవడం, ప్రమాద సూచనలు:
చికిత్స తరువాత గజ్జల వద్ద గాయాన్ని ఒత్తి ఉంచి, కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోబెడతారు. చాలామంది మరునాటికి ఇంటికి వెళతారు. సుమారు వారం రోజులు బరువులెత్తకూడదు. గజ్జల్లో కమిలిన మచ్చ, లోతుగా ఊపిరి తీసినప్పుడు ఛాతీలో కొద్దిపాటి నొప్పి కొన్ని రోజులుండవచ్చు. గజ్జల్లో వాపు పెరుగుతున్నా, రక్తం కారుతున్నా వెంటనే చూపించాలి. చికిత్స జరిగిన గంటలలో రక్తపోటు పడిపోయి ఆయాసం వస్తే గుండె చుట్టూ రక్తం చేరిందేమోనని స్కానింగ్‌తో చూడాలి.

ఎట్రియల్ ఫిబ్రిలేషన్ రోగులకు మొదటి రెండు మూడు నెలలు వేరుగా పరిగణించవలసిన కాలం. కాలిన కండరపు వాపు వల్ల ఈ వ్యవధిలో దడ మళ్లీ రావచ్చు. దాన్ని చికిత్స విఫలమైనట్లు వెంటనే లెక్కించరు. ఈ కాలమంతా రక్తం గడ్డకట్టకుండా చేసే మందు తప్పనిసరి. ఆ తరువాత కొనసాగించాలా అన్నది వయసు, రక్తపోటు, మధుమేహం, లోగడ వచ్చిన పక్షవాతం వంటి అంశాలను బట్టి నిర్ణయిస్తారు. దడ రావడం లేదన్న ఒక్క కారణంతో రోగి తనంతట మందు మానితే, లక్షణాలు లేకుండా సాగే ఫిబ్రిలేషన్ పక్షవాతానికి దారితీయవచ్చు.

అన్నిటికంటే అరుదైనదీ, ప్రాణాంతకమైనదీ అయిన ఉపద్రవం ఎడమ కర్ణికకూ ఆహారవాహికకూ మధ్య చిల్లు పడడం. ఈ రెండింటి మధ్య దూరం కొన్ని మిల్లీమీటర్లే కావడంతో వేడి అటు పాకగలదు. 2004లో వైద్యలోకం దీన్ని గుర్తించింది. చికిత్స తరువాత సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు, రోగి కోలుకున్నాననుకున్న దశలో ఇది బయటపడుతుంది. జ్వరం, మింగేటప్పుడు నొప్పి, ఛాతీనొప్పి, పక్షవాత లక్షణాలు దీని గుర్తులు. జ్వరాన్ని మామూలు జ్వరంగా భావించి స్థానికంగా మందు వాడుతూ కాలం గడపడమే ఇక్కడి ప్రమాదం. అనుమానం వస్తే ఛాతీకి సి.టి. స్కాన్ తీయాలి. ఎండోస్కోపీ చేయకూడదు, ఎందుకంటే లోపలికి ఊదిన గాలి చిల్లు గుండా గుండెలోకీ, అక్కడి నుంచి మెదడుకూ చేరగలదు. చికిత్స చేయించుకున్న విషయాన్ని జ్వరం చూసే వైద్యుడికి చెప్పడం రోగి చేయగల ముఖ్యమైన పని.

8. ముగింపు:
పై పరిశీలనలో తేలిన అంశాలు మూడు. షాక్, రేడియో తరంగం, విద్యుత్ క్షేత్రం అన్న క్రమంలో శక్తి రూపం మారడం చికిత్సను ప్రధానంగా భద్రం చేసింది. చికిత్స ఫలించడం మాత్రం దోషస్థానం ఎంత కచ్చితంగా తెలిసిందన్న దానిపై ఆధారపడింది. రెండవది, దొంగదారిని తెంచడం నయం చేయడమే, పుపుస సిరలను వేరుచేయడం చాలామందిలో జబ్బు భారాన్ని తగ్గించడం. ఈ రెండింటినీ ‘ఎబ్లేషన్’ అన్న ఒకే పేరుతో పిలవడం వల్ల రోగి అంచనాలు తారుమారవుతున్నాయి. మూడవది, కోలుకోవడం ఆసుపత్రి గడప దాటడంతో ముగియదు. ఎట్రియల్ ఫిబ్రిలేషన్ రోగి విషయంలో అది కనీసం రెండు మూడు నెలల వ్యవధి. చికిత్సకు ముందే రోగి తన వైద్యుణ్ణి అడగవలసిన ప్రశ్న ఒకటుంది: నా గుండెలో దోషం ఎక్కడ ఉందో తెలుసా, లేక ఎక్కడ మొదలవుతోందో మాత్రమే తెలుసా? ఫలితం గురించి ఎంత ఆశ పెట్టుకోవచ్చో ఆ సమాధానాన్ని బట్టి తెలుస్తుంది.